విత్తన గోదాములో తేమ కొలత: ఏ సెన్సార్ కొనాలి, రీడింగ్‌ను ఏ దారిన పంపాలి?

జూలైలో ముసురు పట్టిన రోజు హుజూరాబాద్, జమ్మికుంట వైపు విత్తన వరి నిల్వ చేసే గోదాముల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను వేయాలా, షట్టరు దించి ఉంచాలా? బయట వాన పడుతుంటే గాలి లోపలికి రానివ్వకూడదని చాలామంది అనుకుంటారు. అది కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు కాదు. ఆ తేడా తెలియాలంటే లోపల ఒక సెన్సార్, బయట ఒక సెన్సార్, రెండింటి లెక్క కట్టే ఒక ఆర్డునో బోర్డు, ఆ లెక్కను ఫోనులో చూపే ఒక చిన్న వెబ్ పేజీ ఉంటే చాలు.

ఇబ్బంది కొనేటప్పుడు మొదలవుతుంది. హనుమకొండలో ఇంజినీరింగ్ విద్యార్థులు తిరిగే ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్తే నాలుగు రకాల సెన్సార్లు, మూడు రకాల నెట్‌వర్క్ బోర్డులు ముందు పెడతారు. అన్నీ పనిచేస్తాయనే చెబుతారు. పనిచేయడం వేరు, మన ప్రశ్నకు జవాబు చెప్పడం వేరు.

## ముందు కొలబద్దలు

ఒకటి, రీడింగ్‌లో ఎంత తప్పును భరించగలం? దీన్ని ఒక రోజు లెక్కతో చూద్దాం. గోదాము లోపల 31 డిగ్రీలు, తేమ 70 శాతం. బయట వాన వెలిసింది, 25 డిగ్రీలు, తేమ 82 శాతం. శాతాలే చూస్తే బయటి గాలి ఎక్కువ తడిగా ఉందనిపిస్తుంది. కానీ తేమ శాతం అంటే ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి మోయగల నీటి ఆవిరిలో ఎంత వంతు ఉందన్న లెక్క మాత్రమే. వేడి గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది. గ్రాముల్లోకి మార్చి చూడండి. లోపలి ఘనపు మీటరు గాలిలో సుమారు 22.4 గ్రాముల నీరుంది, బయటి గాలిలో 18.9 గ్రాములే ఉంది. బయటి గాలి లోపలికి వచ్చి 31 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ 58 శాతానికి దిగుతుంది. అంటే ఆ పూట ఫ్యాను వేయడమే మంచిది.

నిర్ణయమంతా ఈ మూడున్నర గ్రాముల తేడా మీద నిలబడింది. సెన్సార్ల తప్పు ఈ తేడాను మింగేసేంత ఉంటే డబ్బు పెట్టి కొన్నా ప్రయోజనం లేదు. ఏ సెన్సార్‌నైనా నేను ముందుగా ఈ లెక్కలో పెట్టే చూస్తాను.

రెండు, వానాకాలాన్ని, ధూళిని తట్టుకుంటుందా? మన దగ్గర మే నెలలో రేకుల కప్పు కింద వేడి యాభై డిగ్రీల దరిదాపులకు పోతుంది. రెండు నెలలు తిరక్కుండానే బయటి తేమ తొంభై దాటుతుంది. ఈ రెండు కొసలూ ఒకే సెన్సార్ చూడాలి. పైగా గోదాములో వరి పొట్టు ధూళి ఎప్పుడూ ఉంటుంది.

మూడు, గోదాము దగ్గర ఏముంది? వైఫై ఉందా, కాటా గదిలో కంప్యూటర్ ఉందా, ఏ కంపెనీ సిమ్‌కు సిగ్నల్ అందుతుంది? రీడింగ్‌ను పంపే దారి దీన్ని బట్టే తేలుతుంది. వెబ్ పేజీ సంగతి అన్నింటికన్నా చివర. చాలామంది అక్కడి నుంచే మొదలుపెట్టి, అందమైన మీటరు బొమ్మల మీద తప్పుడు అంకెలు చూపిస్తుంటారు.

## నాలుగు సెన్సార్లు

| సెన్సార్ | తేమలో తప్పు | ఉష్ణోగ్రతలో తప్పు | ఫ్యాను నిర్ణయానికి |
|---|---|---|---|
| డీహెచ్‌టీ11 | ±5 శాతం | ±2 డిగ్రీలు | పనికిరాదు |
| డీహెచ్‌టీ22 | ±2 నుంచి 5 శాతం | ±0.5 డిగ్రీ | కింద చెప్పే ఉప్పు పరీక్ష తర్వాత పనికొస్తుంది |
| బీఎంఈ280 | ±3 శాతం | ±1 డిగ్రీ వరకు | ఫర్వాలేదు, నకిలీతో జాగ్రత్త |
| ఎస్‌హెచ్‌టీ31 | ±2 శాతం | ±0.2 డిగ్రీ | నా ఎంపిక |

డీహెచ్‌టీ11 నీలం రంగు డబ్బాలో వస్తుంది, అన్నింటికన్నా చవక. పై లెక్కలో దీన్ని పెట్టి చూడండి. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తప్పితేనే ఆవిరి లెక్క పదకొండు శాతం మారిపోతుంది. దానికి తేమలోని ఐదు శాతం తప్పు కలిస్తే, లోపలి అంకె ఒక్కటే నాలుగు గ్రాములు అటో ఇటో పోవచ్చు. మనం చూడాల్సిన తేడా మూడున్నర గ్రాములు. బయటి సెన్సార్ తప్పు దీనికి అదనం. పైగా దీని కొలత యాభై డిగ్రీల వద్ద, తొంభై శాతం వద్ద ఆగిపోతుంది. మన మే నెలా, మన ఆగస్టూ ఆ హద్దులనే తాకుతాయి. తరగతి గదిలో నేర్చుకోవడానికి తప్ప దీన్ని కొనమని నేను చెప్పను.

డీహెచ్‌టీ22 తెల్ల డబ్బాలో వచ్చే దాని అన్న. ధర రెండు మూడు రెట్లు. ఉష్ణోగ్రత బాగా చెబుతుంది. తేమ విషయంలో మాత్రం ఒకే దుకాణంలో కొన్న రెండింటిని పక్కపక్కన పెట్టినా వేర్వేరుగా చెప్పవచ్చు. దీనికి అసలు బలం వైరు. డేటా ఒక్క తీగ మీదే వస్తుంది. ఆ తీగకు, సెన్సార్‌కు విద్యుత్తు ఇచ్చే తీగకు మధ్య 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే పదిహేను, ఇరవై మీటర్ల దూరం లాగవచ్చు. బయటి సెన్సార్ దూరంగా పెట్టక తప్పని చోట ఇది చిన్న విషయం కాదు. బలహీనత ఏమిటంటే, ముసురు రోజుల్లో లోపల నీరు చేరితే 99.9 దగ్గర ఇరుక్కుని, ఎండ వచ్చాక కూడా అక్కడే ఉండిపోతుంది. తేమ రీడింగ్ గంటల తరబడి అక్కడే కదలకుండా ఉంటే అది వాతావరణం కాదు, సెన్సార్ తడిసిందన్నమాట. రెండు సెకన్లకు ఒకసారి కన్నా వేగంగా దీన్ని చదవకూడదు. గోదాముకు పది నిమిషాలకో రీడింగ్ చాలు కాబట్టి మనకు ఇది అడ్డు కాదు.

బీఎంఈ280 మంచి చిప్పే. గాలి పీడనం కూడా చెబుతుంది, కానీ మనకు దానితో పని లేదు. దీనితో అసలు తలనొప్పి మార్కెట్‌లో ఉంది. తేమ కొలవని బీఎంపీ280ని ఇదే పేరుతో అమ్ముతుంటారు. కంటితో గుర్తుపట్టడం కష్టం, చిప్‌నే అడగాలి. `0xD0` రిజిస్టర్‌ను చదివితే అసలుది `0x60` అని, బీఎంపీ280 అయితే `0x58` అని చెబుతుంది. ఇంకో మాట. ఇది 3.3 వోల్టుల చిప్. వోల్టేజీ మార్చే భాగం లేని చిన్న బోర్డును ఆర్డునో ఊనో బోర్డు మీది 5 వోల్టుల పిన్నుకు తగిలించకండి.

ఎస్‌హెచ్‌టీ31 ధర కొంచెం ఎక్కువైనా నేను దీనికే మొగ్గుతాను. మన లెక్కలో దీని తప్పు లోపలి వైపు సుమారు ఒక గ్రాము, బయటి వైపు ముప్పావు గ్రాము దాకా పోవచ్చు. రెండూ వ్యతిరేక దిశల్లో తప్పినా మూడున్నర గ్రాముల తేడా చెరిగిపోదు. 2.4 నుంచి 5.5 వోల్టుల దాకా నడుస్తుంది కాబట్టి ఊనోకైనా, 3.3 వోల్టుల బోర్డుకైనా తగిలించవచ్చు. లోపల చిన్న హీటర్ ఉంది. ముసురులో తడిస్తే ప్రోగ్రామ్ నుంచే కాసేపు వేడి చేసి ఆరబెట్టవచ్చు. ఆ సమయంలో వచ్చే రీడింగ్‌లను మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు.

దీని ఇబ్బంది వైరు పొడవు. ఇది వాడే ఐ2సీ తీగలు బోర్డు మీది భాగాల మధ్య మాట్లాడుకోవడానికి పుట్టినవి, గోదాము పొడవునా లాగడానికి కాదు. మీటరు దాటితే రీడింగ్‌లు అప్పుడప్పుడు తప్పిపోవడం మొదలవుతుంది. `Wire.setClock(50000)` అని వేగం తగ్గిస్తే కొంత నయం. అంతకన్నా మంచి మార్గం బోర్డును కిటికీ పక్క గోడకు బిగించడం. ఒక సెన్సార్‌ను లోపలికి, ఒకదాన్ని బయటికి, అర మీటరు వైరుతో పెట్టండి. ఒకదాని ఏడీడీఆర్ పిన్నును విద్యుత్తు తీగకు కలిపితే దాని చిరునామా `0x44` నుంచి `0x45`కి మారుతుంది. అప్పుడు రెండూ ఒకే జత తీగల మీద నడుస్తాయి.

## ఏది కొన్నా ఉప్పు పరీక్ష

కంపెనీ రాసిన అంకెను నమ్మి ఊరుకోకుండా ఇంట్లోనే సరిచూసుకునే దారి ఒకటుంది. మూత గట్టిగా పడే సీసాలో నాలుగు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు మాత్రమే పోయాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. సెన్సార్లు రెండూ ఉప్పుకు తగలకుండా పైన వేలాడదీసి, వైరు వచ్చే సందును మైనంతోనో టేపుతోనో మూసి, రాత్రంతా ఎండ తగలని చోట ఉంచాలి. తెల్లవారేసరికి లోపలి గాలి 75 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. ఇరవై నుంచి ముప్పై అయిదు డిగ్రీల మధ్య ఈ అంకె దాదాపు మారదు.

సెన్సార్ 79 చూపిస్తే ప్రోగ్రామ్‌లో 4 తీసేయండి. 71 చూపిస్తే 4 కలపండి. మనకు కావలసిన హద్దు కూడా 65, 75 శాతాల మధ్యే ఉంది కాబట్టి ఈ ఒక్క బిందువు వద్ద సరిచేస్తే చాలు. ధ్రువీకరించిన వరి విత్తనంలో తేమ 13 శాతం దాటకూడదు. గాలి 75 శాతం దగ్గర రోజుల తరబడి నిలిచిపోతే గింజ సుమారు 14 దగ్గరకు చేరుతుంది, బూజుకు దారి దొరుకుతుంది. డీహెచ్‌టీ22ను ఈ పరీక్ష కాపాడుతుంది. కాకపోతే దాని తప్పు కాలంతో కదులుతుంది. ప్రతి ఏడూ తొలకరికి ముందే సీసా బయటికి తీయాలి.

ఈ సందర్భంలో ఒక మాట. విత్తన నిల్వ గురించి హారింగ్టన్ సూత్రం ఒకటుంది. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతను, గాలిలోని తేమ శాతాన్ని కలిపితే వంద దాటకూడదంటుంది. 31 డిగ్రీలంటే 88 ఫారెన్‌హీట్, అంటే తేమకు మిగిలేది పన్నెండు. ఏసీ లేని మన గోదాములో ఆ సూత్రం కుదరదు. మన సెన్సార్ చేయగలిగింది 65 శాతం దాటిన గంటలను తగ్గించడమే.

## తప్పు చెప్పేది సెన్సారే కాకపోవచ్చు

మంచి సెన్సార్ కొని, దాన్ని వైఫై బోర్డుకు ఆనించి ఒకే డబ్బాలో పెట్టేవాళ్లు చాలామంది. బోర్డు వేడికి సెన్సార్ ఒక్క డిగ్రీ వేడెక్కితే, 70 శాతం దగ్గర తేమ నాలుగు శాతం తక్కువగా కనిపిస్తుంది. ఎస్‌హెచ్‌టీ31కి పెట్టిన డబ్బు అక్కడితో వృథా. కనిపెట్టడం తేలిక. బోర్డును ఒక గంట ఆపి ఉంచి, తిరిగి పెట్టగానే వచ్చే మొదటి రీడింగ్‌ను రాసుకోండి. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. గదిలో ఏ మార్పూ లేకుండా డిగ్రీ, రెండు డిగ్రీలు పెరిగితే సెన్సార్‌ను డబ్బాలోంచి బయటికి తీయాలి.

గోదాము వాళ్లకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి పొగబెట్టినప్పుడు వచ్చే ఫాస్ఫీన్ వాయువు రాగిని తినేస్తుంది. బోర్డు మీది తీగలూ కనెక్టర్లూ అన్నీ రాగివే. బిళ్లలు పెట్టే ముందే బోర్డునూ సెన్సార్లనూ విప్పి బయటికి తీసుకుపోయేలా కనెక్టర్లతో బిగించుకోండి. టంకం వేసి గోడకు శాశ్వతంగా అతికిస్తే ఆ రోజు ఎవరూ విప్పరు. మందు గాలి ఉన్నప్పుడు రీడింగ్ కోసం లోపలికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటం, ఆ పని చేయవద్దు.

## రీడింగ్ వెళ్లే దారి

యూఎస్‌బీ వైరు, పాత కంప్యూటర్. కాటా గదిలో పగలంతా నడిచే కంప్యూటర్ ఉండి, అది గోదాము గోడకు ఆనుకునే ఉంటే ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. ఊనో పది నిమిషాలకో వరుస పంపుతుంది. కంప్యూటర్‌లో చిన్న పైథాన్ ప్రోగ్రామ్ దానికి సమయం జోడించి ఫైల్లో రాసి, పేజీ చూపిస్తుంది. ఊనోలో గడియారం లేదు కాబట్టి సమయం వేసే పని కంప్యూటర్‌దే. ప్రోగ్రామ్ పోర్టు తెరవగానే ఊనో రీసెట్ అవుతుంది, మొదటి వరుస సగమే రావచ్చు. దాన్ని వదిలేయాలి. వైరు ఐదు మీటర్లకు మించకూడదు. కంప్యూటర్ ఆపేస్తే రాత్రి లెక్క ఉండదు. నిజానికి ఫ్యాను ప్రశ్న వచ్చేది తెల్లవారుజామునే, ఎందుకంటే బయట బాగా చల్లబడేది అప్పుడే.

వైఫై. ఊనోకు ఈఎస్‌పీ-01 అనే చిన్న ముక్కను తగిలించే పాత పద్ధతిని వదిలేయండి. అది గుక్కకు 300 మిల్లీ ఆంపియర్ల దాకా అడుగుతుంది, ఊనో 3.3 వోల్టుల పిన్ను ఇచ్చేది యాభయ్యే. మధ్యలో రీసెట్ అవుతుంటే కారణం తెలియక వారం తిరుగుతారు. దాని బదులు ఈఎస్‌పీ8266 ఉన్న నోడ్‌ఎంసీయూ బోర్డు కొనండి. ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లోనే ప్రోగ్రామ్ రాయవచ్చు, వేరే ఊనో అక్కర లేదు. అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే చూస్తుంది. ఫోను హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే దానికి కనిపించదు. ఇనుప షట్టరు, రేకుల గోడ సిగ్నల్‌ను బాగా మింగుతాయి. షట్టరు దించి `WiFi.RSSI()` చూడండి. అంకె -80 కన్నా దిగువన ఉంటే ఆ చోటు వద్దు.

సిమ్. రోడ్డుకు దూరంగా, వైఫై లేని గోదాముకు ఇదొక్కటే గతి. చవకగా దొరికే సిమ్800ఎల్ 2జీ మీదే నడుస్తుంది. జియోకు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ ఇందులో పనిచేయదు. మిగతా కంపెనీల 2జీ మీ ఊళ్లో అందుతుందో ముందే ఒక పాత ఫోనులో చూసుకోండి. దీని దాహం కూడా ఎక్కువ. నెట్‌వర్క్ పట్టుకునేటప్పుడు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, వోల్టేజీ మాత్రం 3.4, 4.4 మధ్యే ఉండాలి. దీని లైటు సెకనుకోసారి మెరిస్తే ఇంకా వెతుకుతోందని, మూడు సెకన్లకోసారి మెరిస్తే నెట్‌వర్క్ దొరికిందని అర్థం. వెతుకుతూ వెతుకుతూ మళ్లీ మొదటికే వస్తుంటే విద్యుత్తు చాలడం లేదు. కొత్తగా కొనేవారు ధర ఎక్కువైనా 4జీ మాడ్యూలే తీసుకోండి.

## పేజీ ఎక్కడ ఉండాలి?

బోర్డు తానే ఒక చిన్న పేజీ చూపించగలదు. కానీ అదే వైఫైలో ఉన్నవాళ్లకే అది కనబడుతుంది, కరెంటు పోతే పాత లెక్కలు పోతాయి. వరంగల్‌లో ఇల్లు, గోదాము ఇంకోచోట ఉన్నవారికి రీడింగ్‌లను ఇంటర్నెట్‌లో దాచి గీతలుగా చూపే థింగ్‌స్పీక్ లాంటి ఉచిత సేవ నయం. ఒక ఛానెల్‌లో ఎనిమిది అంకెలు పంపవచ్చు, ఉచిత ఖాతాలో 15 సెకన్లకు ఒకసారి కన్నా వేగంగా తీసుకోదు. పది నిమిషాలకు ఒకటి పంపే మనకు అది సమస్యే కాదు.

శాతాలను కాకుండా గ్రాములను పంపండి. మార్చే సూత్రం ఇది:

```cpp
float gramulu(float t, float rh) {
  float es = 6.112 * exp(17.62 * t / (243.12 + t));
  return 216.7 * (rh / 100.0) * es / (273.15 + t);
}
```

పంపే భాగం నోడ్‌ఎంసీయూలో ఇలా ఉంటుంది. ఇందులో `gIn` లోపలి గ్రాములు, `gOut` బయటి గ్రాములు, `key` మీ ఛానెల్‌కు థింగ్‌స్పీక్ ఇచ్చే కీ:

```cpp
if (!isnan(gIn) && !isnan(gOut)) {
  String u = String("http://api.thingspeak.com/update?api_key=") + key
           + "&field1=" + String(gIn, 1) + "&field2=" + String(gOut, 1);
  http.begin(client, u);
  int code = http.GET();
  String body = http.getString();
  http.end();
}
```

జవాబుగా `0` వస్తే ఆ రీడింగ్ నమోదు కాలేదు, ఇంకే అంకె వచ్చినా నమోదైనట్టు. పైనున్న `isnan` వరుసను తీసేయకండి. సెన్సార్ పలకనప్పుడు పాత అంకెనే మళ్లీ పంపే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. పేజీలో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, సెన్సార్ మాత్రం ఎప్పుడో చనిపోయి ఉంటుంది. ఏమీ పంపకపోతే గీత తెగుతుంది, ఏదో జరిగిందని తెలుస్తుంది. పేజీలో గుండ్రటి మీటర్ల కన్నా చివరి రీడింగ్ ఏ గంటకు వచ్చిందన్న వరుస ముఖ్యం.

## ఎవరు ఏది?

ఏసీ లేని గోదాము నడుపుతూ ఫ్యాను ఎప్పుడు వేయాలో తెలుసుకోవాలనుకునేవారు రెండు ఎస్‌హెచ్‌టీ31లు, ఒక నోడ్‌ఎంసీయూ, థింగ్‌స్పీక్ తీసుకోండి. లోపలి గ్రాములు బయటి కన్నా రెండు దాటి ఎక్కువ ఉన్నప్పుడే ఫ్యాను వేయండి. అంతకు తక్కువ తేడా సెన్సార్ల తప్పులో కలిసిపోతుంది, ఫ్యాను వేసినా లాభం అంతంతే.

బయటి సెన్సార్‌ను పది మీటర్ల అవతల పెట్టక తప్పకపోతే రెండూ డీహెచ్‌టీ22లే కొనండి. ఒకటి ఇదీ, ఒకటి అదీ కలపకండి. ఒకే రకం అయితే ఉప్పు సీసాలో పక్కపక్కన పెట్టి సరిచేయడం తేలిక, పాతబడటం కూడా దాదాపు ఒకేలా ఉంటుంది.

కాలేజీ ప్రాజెక్టు చేసే విద్యార్థికి ఊనో, డీహెచ్‌టీ22, యూఎస్‌బీ వైరు సరిపోతాయి. మార్కులకైనా సరే ఉప్పు పరీక్ష పట్టిక జతచేస్తే పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ముందే ఉంటుంది.

ఇంట్లో పది, పదిహేను బస్తాల విత్తనం దాచుకునే రైతుకు ఇదంతా అనవసరం. మూత గట్టిగా పడే డ్రమ్ముల్లో బాగా ఆరిన విత్తనం పోసి మూసేస్తే బయటి గాలితోనే పని లేదు. కొనాలనే ఉంటే, పోసే ముందు గింజ తేమ చూసే మీటరు కొనుక్కోవచ్చు.